బెస్ట్ బిఫోర్, యూజ్ బై, ఎక్స్‌పైరీ: పాల ప్యాకెట్లతో తేదీల లెక్క నేర్చుకుందాం

ప్యాకెట్ మీద తేదీ దాటిందని కనిపించగానే కొందరు తెరిచి కూడా చూడకుండా పారేస్తారు. ఇంకొందరు వాసన చూసి, బాగానే ఉందనిపిస్తే వాడేస్తారు. కొన్ని ప్యాకెట్ల విషయంలో మొదటివాళ్లు చేసేది సరైన పని, కొన్నింటి విషయంలో రెండోవాళ్లు చేసేది సరైన పని. ఏ ప్యాకెట్‌కి ఏ పద్ధతి పనికొస్తుందో తెలియాలంటే తేదీ ముందు ఏం రాశారో చదవాలి, లోపలున్న పదార్థం ఎలా పాడవుతుందో కాస్త తెలిసి ఉండాలి.

ఈ రెండోది నేర్చుకోవడానికి పాల కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. ఒకే పాలు నాలుగు రూపాల్లో దొరుకుతాయి: ఫ్రిజ్‌లో పెట్టాల్సిన పాశ్చరైజ్డ్ పాలు, బయట నెలల తరబడి నిలవుండే యూహెచ్‌టీ పాలు, పాలపొడి, పసిపిల్లలకు పట్టే ఫార్ములా పొడి. ఈ నాలుగూ నాలుగు రకాలుగా పాడవుతాయి కాబట్టి వాటి మీది తేదీలకు అర్థం కూడా మారుతుంది. ఇది అర్థమైతే మిగతా ప్యాకెట్ల సంగతి మీరే తేల్చుకోగలరు.

ముందుగా: ఏ మాట దేని గురించి చెబుతుంది

ఆహార ప్రమాణాలను ప్రపంచ స్థాయిలో తయారుచేసే సంస్థ కోడెక్స్ అలిమెంటేరియస్. ప్యాక్ చేసిన ఆహారం లేబుళ్ల ప్రమాణాన్ని అది 2018లో సవరించి, తేదీల నిర్వచనాలను స్పష్టంగా రాసింది. దాని ప్రకారం బెస్ట్ బిఫోర్ అంటే, చెప్పినట్టు నిల్వ చేస్తే తెరవని ప్యాకెట్‌లోని పదార్థం ఆ తేదీ వరకు తన నాణ్యతను పూర్తిగా నిలుపుకుంటుందని. ఆ తేదీ దాటాక కూడా అది తినడానికి పనికిరావచ్చని ఆ నిర్వచనంలోనే ఉంది. యూజ్ బై అంటే ఆ తేదీ తర్వాత అమ్మకూడదు, తినకూడదు. ఎక్స్‌పైరీని కోడెక్స్ యూజ్ బైతోనే జత చేసింది, రెండింటికీ ఒకే అర్థం.

అంటే మాటలు మూడైనా అర్థాలు రెండే. ఒకటి నాణ్యత గురించి, రెండోది ఆరోగ్యానికి హాని గురించి.

చిక్కెక్కడంటే, దేశాల చట్టాలన్నీ ఒకేలా లేవు. యూరోపియన్ యూనియన్‌లో యూజ్ బై తేదీ దాటిన ఆహారాన్ని చట్టమే హానికరమైనదిగా లెక్కిస్తుంది. అమెరికాలో పసిపిల్లల ఫార్ములా తప్ప మరే ఆహారానికీ తేదీ వేయమని ఫెడరల్ చట్టం అడగదు, మిగతావాటి మీద కనిపించేది చాలావరకు తయారీదారు తన ఇష్టంతో వేసిందే. భారత్‌లో ఎక్స్‌పైరీ లేదా యూజ్ బై తప్పనిసరి, బెస్ట్ బిఫోర్ కావాలంటే అదనంగా వేసుకోవచ్చు. అందుకే ఒక దేశంలో బెస్ట్ బిఫోర్‌తో అమ్మే పొడి సరుకు మరో దేశంలో ఎక్స్‌పైరీతో కనిపించవచ్చు. పాశ్చరైజ్డ్ పాల మీద కూడా ఒకే మాట ఉండాలని లేదు. బ్రిటన్‌లో 2022లో ఒక పెద్ద సూపర్‌మార్కెట్ సంస్థ తన పాల మీద యూజ్ బై తీసేసి బెస్ట్ బిఫోర్ పెట్టింది.

ఇన్ని తేడాలున్నప్పుడు మనం పట్టుకోవాల్సిన సూత్రం ఒకటే: మీ చేతిలో ఉన్న ప్యాకెట్ మీద ఏ మాట ఉంటే దాన్నే పాటించండి. యూజ్ బై లేదా ఎక్స్‌పైరీ ఉంటే ఆ రోజు అర్ధరాత్రి వరకే. అది హాని గురించి వేసిందా, చట్టం అడిగిందని మాత్రమే వేసిందా అన్నది బయటి నుంచి మనం తేల్చలేం. మన సొంత తెలివికి చోటు ఉన్నది బెస్ట్ బిఫోర్ దగ్గర మాత్రమే.

మొదటి మెట్టు: తేదీ చుట్టూ ఉన్న రాతంతా చదవడం

తేదీ పక్కనో కిందనో చిన్న అక్షరాల్లో రెండు వాక్యాలుంటాయి. ఎక్కడ నిల్వ చేయాలన్నది ఒకటి, తెరిచాక ఎన్ని రోజుల్లో వాడాలన్నది రెండోది. పైన పెద్దగా కనిపించే తేదీకి విలువ ఈ రెండింటి వల్లే వస్తుంది. 4 డిగ్రీల దగ్గర ఉంచమన్న ప్యాకెట్ రెండు గంటలపాటు వేడి కారులో ఉండిపోతే ముద్రించిన తేదీని ఇక నమ్మలేం. అలాగే ఆ తేదీ తెరవని ప్యాకెట్‌కు వేసింది. మూత తీసిన క్షణం నుంచి రెండో వాక్యం లెక్క మొదలవుతుంది, రెండింటిలో ఏది ముందొస్తే అదే మీ గడువు.

తేదీని చదవడంలోనే కొన్ని తికమకలున్నాయి. నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెల చివరి రోజు వరకు అని అర్థం. సాధారణంగా మూడు నెలలకు మించి నిలవుండేవాటికే ఇలా వేస్తారు, త్వరగా పాడయ్యేవాటికి రోజు కూడా ఉండాలి. తేదీకి బదులు "తయారైన నాటి నుంచి 6 నెలలు" అని ఉంటే తయారీ తేదీ వెతికి లెక్కేసుకోవాలి. "ప్యాక్ చేసిన రోజు నుంచి 5 రోజులు" లాంటి చిన్న గడువుల్లో ప్యాక్ చేసిన రోజునే ఒకటో రోజుగా లెక్కించడం నయం. 10న ప్యాక్ చేసి ఉంటే 14తో అయిపోయిందనుకోండి.

వేరే దేశం నుంచి వచ్చిన ప్యాకెట్ మీద 05/06 అని ఉంటే అది జూన్ 5 కావచ్చు, మే 6 కూడా కావచ్చు. అదే ప్యాకెట్ మీదున్న తయారీ తేదీని చూడండి. అందులో 04/18 లాంటిది ఉంటే, 18వ నెల ఉండదు కాబట్టి ముందు నెల, తర్వాత రోజు వేశారని తెలిసిపోతుంది. ఆ ఆధారం కూడా దొరక్కపోతే రెండు తేదీల్లో ముందొచ్చేదాన్నే గడువుగా తీసుకోండి.

రెండో మెట్టు: లోపలున్నది ఎలా పాడవుతుందో తెలుసుకోవడం

*పాశ్చరైజ్డ్ పాలు.* సాధారణ పద్ధతిలో పాలను 72 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 సెకన్లు వేడిచేసి వెంటనే చల్లబరుస్తారు. సాల్మొనెల్లా, లిస్టీరియా, క్షయ కలిగించే సూక్ష్మజీవి లాంటివి ఆ వేడికి చచ్చిపోతాయి. కానీ పాలు పూర్తిగా సూక్ష్మజీవి రహితం అయిపోవు. వేడిని తట్టుకునే బీజాల రూపంలో కొన్ని బాక్టీరియాలు మిగులుతాయి, ప్యాకెట్‌లో నింపేటప్పుడు బయటి నుంచి కొన్ని చేరే అవకాశం ఉంటుంది. చల్లదనం వాటి పెరుగుదలను నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపదు. అందుకే ఈ పాలకు రోజుల లెక్కలో గడువు ఉంటుంది.

వాసన చూసే పద్ధతి ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో తెలిసేది ఇక్కడే. ఆహారాన్ని పాడుచేసే బాక్టీరియాలు వేరు, మనుషులను జబ్బుపడేసేవి వేరు. మొదటి రకం పాలను పులిసేలా చేస్తుంది, వాసన పుట్టిస్తుంది, విరిచేస్తుంది, కాబట్టి ముక్కుకు దొరికిపోతుంది. రెండో రకం అలా దొరకదు. లిస్టీరియా మోనోసైటోజెనిస్ ఉన్న ఆహారం రంగు, రుచి, వాసన ఏవీ మారకుండా ఉండవచ్చు. పైగా అది ఫ్రిజ్ చల్లదనంలో కూడా నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. ఆ జబ్బు బయటపడటానికి ఒక్కోసారి 70 రోజుల దాకా పట్టవచ్చు కాబట్టి, ఎప్పుడో తిన్న ప్యాకెట్ వల్లే వచ్చిందని ఎవరికీ తట్టదు. గర్భిణులు, అప్పుడే పుట్టిన పిల్లలు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు అది ప్రాణాల మీదికి తెస్తుంది.

మెత్తని చీజ్, ఉడికించి ముక్కలు కోసి ప్యాక్ చేసిన మాంసం, పొగబెట్టిన చేప లాంటి, మళ్లీ వేడిచేయకుండా తినే చల్లని పదార్థాల మీద యూజ్ బై ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. వాటి విషయంలో "వాసన బాగానే ఉంది" అన్న మాటకు విలువ లేదు. పాశ్చరైజ్డ్ పాల విషయానికొస్తే, అవి చాలాసార్లు హాని చేసే స్థితికి రాకముందే పులిసిపోయి మనల్ని హెచ్చరిస్తాయి. కొన్ని దేశాల్లో వాటికి బెస్ట్ బిఫోర్ చాలనుకోవడానికి ఆధారం అదే. అయితే ఏ మాట వేయాలన్నది ఆ డెయిరీ తన పరీక్షల ఫలితాలు చూసి తీసుకునే నిర్ణయం. ఆ నిర్ణయాన్ని మనం వంటింట్లో మార్చలేం.

*యూహెచ్‌టీ పాలు.* వీటిని కనీసం 135 డిగ్రీల దగ్గర కొన్ని సెకన్లు మాత్రమే వేడిచేసి, ముందే శుద్ధి చేసిన పెట్టెలో గాలి తగలకుండా నింపుతారు. బీజాలతో సహా, బయట ఉంచితే పెరగగలిగే సూక్ష్మజీవులన్నీ పోతాయి. కాబట్టి పెట్టె చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ఈ పాలు మామూలు గదిలో నెలల తరబడి ఉంటాయి. వాటి మీద బెస్ట్ బిఫోర్ ఉండటం సరిగ్గా సరిపోతుంది.

మరి ఆ తేదీకి ఏమవుతుంది? బాక్టీరియా కొత్తగా ఎక్కడి నుంచీ పుట్టుకురాదు. శుద్ధి చేయడంలోనో సీల్ వేయడంలోనో లోపం జరిగి ఉంటే అది మామూలుగా మొదటి రోజుల్లోనో వారాల్లోనో బయటపడుతుంది, దానికి బెస్ట్ బిఫోర్ తేదీ రానక్కర్లేదు. తేదీ దగ్గరపడేకొద్దీ జరిగేవి వేరే మార్పులు. కొవ్వు మెల్లగా పైకి తేలుతుంది. పాలలోని చక్కెరా ప్రొటీనూ కలిసి రంగు కొద్దిగా గోధుమవైపు తిరుగుతుంది, కాచిన రుచి పెరుగుతుంది. వేడిచేయకముందు పాలలో పెరిగిన కొన్ని బాక్టీరియాలు ప్రొటీన్‌ను కత్తిరించే ఎంజైమ్‌లను వదిలి ఉంటాయి. బాక్టీరియా చచ్చినా ఆ ఎంజైమ్‌లలో కొంత మిగిలిపోయి నెలల తరబడి పనిచేస్తుంది. దాంతో పాలు చేదెక్కడమో, జెల్లీలా గట్టిపడడమో జరుగుతుంది. తయారీదారు ఈ మార్పులు ఎప్పుడు నోటికి తెలుస్తాయో గమనించి, దానికి కొంత ముందే తేదీ వేస్తాడు.

*పాలపొడి.* ఇందులో నీరు 5 శాతానికి మించదు. అంత పొడిగా ఉన్నచోట బాక్టీరియా బతికి ఉన్నా పెరగలేదు. ఇక్కడ అసలు శత్రువులు గాలి, తేమ. గాలిలోని ఆక్సిజన్ కొవ్వుతో కలిసి పాత నూనె వాసన తెస్తుంది. వెన్న తీయని పాలపొడిలో కొవ్వు కనీసం 26 శాతం ఉంటుంది, వెన్న తీసిన పొడిలో ఒకటిన్నర శాతం లోపే. అందుకే రెండోది ఎక్కువకాలం నిలవుంటుంది. తేమ తగిలితే పొడి గడ్డకడుతుంది. బెస్ట్ బిఫోర్ ఇక్కడ కూడా నాణ్యత తేదీయే. కానీ పొడిని నీళ్లలో కలిపిన నిమిషం నుంచి అది పాలే, ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా వాడాల్సిందే.

*పసిపిల్లల ఫార్ములా.* చూడటానికి పాలపొడిలాగే ఉంటుంది, లెక్క మాత్రం పూర్తిగా వేరు. ఒక పసిబిడ్డకు అదొక్కటే ఆహారం కావచ్చు. డబ్బా మీద రాసిన విటమిన్లు బిడ్డకు అందితీరాలి, కానీ కొన్ని విటమిన్లు నిల్వలో కొద్దికొద్దిగా తగ్గిపోతుంటాయి. తేదీ వరకు రాసినంత పోషకాలు ఉంటాయన్న హామీ తయారీదారు ఇస్తాడు, ఆ తర్వాత ఇవ్వడు. మరే ఆహారానికీ తేదీ అడగని అమెరికా ఫెడరల్ చట్టం దీనికి మాత్రం యూజ్ బై తప్పనిసరి చేసింది. పోషకాలు తగ్గిన సంగతి రుచి చూస్తే తెలియదు, వాసన చూస్తే తెలియదు. కాబట్టి ఈ డబ్బా మీద ఏ మాట ఉన్నా, తేదీ దాటితే బిడ్డకు పట్టకూడదు. సీల్ తీయకపోయినా అంతే.

మూడో మెట్టు: మీ ఫ్రిజ్‌ని పరీక్షించడం

తేదీల గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా వదిలేసే పని ఇది. ప్యాకెట్ మీది రోజులన్నీ ఫ్రిజ్ లోపల 5 డిగ్రీలో అంతకంటే తక్కువో ఉంటుందన్న అంచనాతో వేసినవి. ఫ్రిజ్‌లో 1 నుంచి 7 దాకా ఉండే నాబ్ అంకెలు డిగ్రీలను చూపించవు, చల్లదనం ఎక్కువా తక్కువా అని మాత్రమే చెబుతాయి.

ఒక గ్లాసు నీళ్లు ఫ్రిజ్ మధ్య అరలో పెట్టి, అందులో థర్మామీటర్ ఉంచండి. జ్వరం చూసేది దీనికి పనికిరాదు, సున్నా దాకా చూపించే వంటింటి థర్మామీటరో ఫ్రిజ్ థర్మామీటరో కావాలి. రాత్రంతా ఉంచి, ఉదయం తలుపు తీయగానే చదవండి. గాలిలో వేలాడదీస్తే తలుపు తీసిన ప్రతిసారీ అంకె ఊగుతుంది, నీళ్లలో ఉంచితే పదార్థాలు నిజంగా ఎంత చల్లగా ఉన్నాయో తెలుస్తుంది. 5 కంటే ఎక్కువ చూపిస్తే నాబ్ ఒక అంకె మార్చి, మర్నాడు మళ్లీ చూడండి. 8, 10 డిగ్రీల్లో నడిచే ఫ్రిజ్‌లో లిస్టీరియా లాంటివి 4 డిగ్రీల్లో కంటే ఎన్నో రెట్లు వేగంగా పెరుగుతాయి. అలాంటి ఫ్రిజ్‌లో తేదీ ఇంకా రెండు రోజులుందన్న ధైర్యానికి ఆధారం లేదు.

పాలను తలుపు అరలో పెట్టడం దాదాపు అందరికీ అలవాటు. ఫ్రిజ్ మొత్తంలో ఎక్కువసార్లు వేడెక్కేది ఆ చోటే. త్వరగా పాడయ్యేవి లోపలి అరల్లో వెనక్కి పెట్టి, తలుపు అరను సాస్‌లకూ పచ్చళ్లకూ వదిలేయండి. చల్లగా ఉంచాల్సినవాటిని బయట రెండు గంటలకు మించి వదలవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. దుకాణం నుంచి ఇంటికొచ్చే దారిలో పట్టే సమయాన్ని కూడా అందులో కలుపుకోండి.

నాలుగో మెట్టు: తెరిచిన రోజు రాసుకోవడం

మార్కర్ పెన్నుతో ప్యాకెట్ మీదే తెరిచిన తేదీ రాయండి. యూహెచ్‌టీ పాల విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే పొరపాట్లు ఎక్కువగా అక్కడే జరుగుతాయి. పెట్టె మీద వచ్చే సంవత్సరం తేదీ చూసి, తెరిచాక కూడా అంతకాలం ఉంటాయనుకుంటారు. మూత తీయగానే గాలిలోని సూక్ష్మజీవులు లోపలికి వెళ్తాయి. అప్పటి నుంచి అవి ఫ్రిజ్‌లో ఉండాల్సిన మామూలు పాలే. లేబుల్ మీద మూడు రోజులు అని ఉంటే మూడు రోజులే.

పాలపొడి డబ్బాలోకి తడి చెంచా పోనివ్వకండి, ఉడుకుతున్న గిన్నె మీద డబ్బా వంచి పొడి పోయకండి, ఆవిరి లోపలికి వెళ్తుంది. ఫార్ములా డబ్బాను తెరిచాక మామూలుగా నెల రోజుల్లో వాడేయమంటారు. ఆ పొడి సూక్ష్మజీవి రహితం కాదు, అరుదుగా క్రోనోబాక్టర్ అనే ప్రమాదకరమైన బాక్టీరియా అందులో ఉండే అవకాశం ఉంది. అందుకే కాచి, ఇంకా 70 డిగ్రీలకు తగ్గని నీళ్లలో కలిపి, తర్వాత గోరువెచ్చగా చల్లార్చి పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కలిపినది రెండు గంటల్లో వాడకపోతే పారబోయాలి. తేదీలో ఉన్న డబ్బాకు కూడా ఈ జాగ్రత్తలు తప్పవు.

ఐదో మెట్టు: తేదీ దాటిన ప్యాకెట్‌ను తేల్చడం

ఒక ఇంట్లో అక్టోబర్ 20 సాయంత్రం ఫ్రిజ్, అలమర సర్దుతుంటే ఐదు ప్యాకెట్లు దొరికాయనుకుందాం.

మొదటిది పాశ్చరైజ్డ్ పాలు. యూజ్ బై అక్టోబర్ 19, 17న తెరిచారు. వాసన మామూలుగానే ఉంది. పారబోయాలి. నిన్న రాత్రి వరకు వాడి ఉంటే సరిపోయేది, ఈరోజు ముక్కుతో పరీక్షించే ప్రశ్నే లేదు.

రెండోది తెరవని యూహెచ్‌టీ పెట్టె, బెస్ట్ బిఫోర్ సెప్టెంబర్ 30. ఇది పరీక్షించి చూడదగ్గది. ముందు పెట్టెను చూడాలి. ఉబ్బినా, కారినా, మూలల దగ్గర నలిగి చీలినట్టున్నా తెరవకుండానే పారేయాలి, రుచి అసలే చూడకూడదు. ఉబ్బిందంటే లోపల ఏదో పెరిగి వాయువు వదిలిందని అర్థం. పెట్టె బాగుంటే ఊపి, గాజు గ్లాసులో కొద్దిగా పోసి చూడండి. కొవ్వు తునకలు పైన తేలి, కలిపితే కలిసిపోతే అది మామూలే. రంగు కాస్త ముదిరినా పర్వాలేదు. గడ్డలుగా, జెల్లీలా పడితే గానీ పుల్లటి వాసన వేస్తే గానీ పారబోయండి. అన్నీ బాగుంటే చివరగా ఒక చుక్క నాలుక మీద వేసుకోండి. చేదు తగిలితే వద్దు. వాయువు పుట్టకుండానే పాలు పులిసే సందర్భాలూ ఉంటాయి, కాబట్టి పెట్టె ఉబ్బలేదన్నంత మాత్రాన మిగతా పరీక్షలు మానకండి.

మూడోది ఇంకో యూహెచ్‌టీ పెట్టె, బెస్ట్ బిఫోర్ డిసెంబర్. కానీ మీద పెన్నుతో అక్టోబర్ 14 అని రాసి ఉంది, లేబుల్ మూడు రోజుల్లో వాడమంటోంది. ఐదింటిలో ఎక్కువ సమయం మిగిలినట్టు కనిపించేది ఇదే, నిజానికి 17తోనే దీని గడువు తీరింది. పారబోయాలి.

నాలుగోది సీల్ తీయని పాలపొడి, బెస్ట్ బిఫోర్ ఆగస్టు. తెరిచి వాసన చూడండి. పాత నూనె వాసనో రంగు డబ్బా వాసనో వస్తే కొవ్వు చెడిందన్నమాట, దాంతో చేసిన ఏ వంటకూ రుచి ఉండదు. వేళ్లతో నలిపితే పొడైపోయే ఉండలు సమస్య కాదు. తడిగా తగిలే గడ్డలు, రాయిలా బిగిసినవి, రంగు మారిన మచ్చలు ఉంటే మాత్రం వాడొద్దు. ఇవేవీ లేకపోతే నిశ్చింతగా వాడుకోవచ్చు, కాకపోతే కొత్త పొడిలా అంత త్వరగా నీళ్లలో కరగకపోవచ్చు.

ఐదోది సీల్ తీయని ఫార్ములా డబ్బా, ఎక్స్‌పైరీ అక్టోబర్ 18. రెండు రోజులే కదా అనిపిస్తుంది. బిడ్డకు పట్టకండి.

ఐదింటిలో తేదీ దాటినవి నాలుగు. ఆ నాలుగులో రెండు పరీక్షించి వాడుకోదగ్గవి. తేదీ దాటని ఒక్కటీ పారబోయాల్సి వచ్చింది.

కాచితే సరిపోదా?

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, పాల విషయంలో మరీను. మరిగించడం వల్ల బతికున్న బాక్టీరియా చాలావరకు చస్తుంది, నిజమే. కానీ కొన్ని బాక్టీరియాలు పెరుగుతూ ఆహారంలోకి విషాన్ని వదులుతాయి. స్టెఫిలోకాకస్ ఆరియస్ వదిలే విషం, బాసిల్లస్ సీరియస్ వదిలే వాంతులు తెప్పించే విషం మరిగే వేడికి పోవు. బాక్టీరియా చచ్చినా అది చేసిన పని పాలలో మిగిలే ఉంటుంది. వేడిని తట్టుకునే బీజాలు కూడా మరిగించినంత మాత్రాన పోవు, పాలు గోరువెచ్చగా వదిలేస్తే మళ్లీ మొలకెత్తుతాయి. అందుకే యూజ్ బై దాటిన పాలను కాచి తేదీని వెనక్కి నెట్టడం కుదరదు. తేదీలో ఉన్న పాలను కాచుకున్నా, ఆరాక వెంటనే ఫ్రిజ్‌లోకి చేర్చాలి.

గడువు దగ్గరపడుతుంటే

యూజ్ బై ఉన్నవాటికి నిజంగా పనిచేసే దారి ఒకటుంది, డీప్ ఫ్రీజర్. మైనస్ 18 డిగ్రీల దగ్గర బాక్టీరియా పెరగడం ఆగిపోతుంది. గడువు రోజు దాటకముందే పెట్టేయాలి, దాటాక పెడితే ప్రయోజనం లేదు. పాలు గడ్డకట్టేటప్పుడు పొంగుతాయి కాబట్టి డబ్బాలో పైన రెండు వేళ్ల మందం ఖాళీ వదలండి, పెట్టిన తేదీ రాయండి. బయట కరగనివ్వకుండా ఫ్రిజ్‌లోనే కరగనిచ్చి, బాగా ఊపి వాడండి. కొవ్వు విడిపోయినట్టు కనిపించినా అది పాడైన గుర్తు కాదు, టీకీ వంటకీ బాగానే పనికొస్తాయి. ఫ్రీజర్ బాక్టీరియాను చంపదు, ఆపి ఉంచుతుంది, అంతే. కాబట్టి పెట్టేనాటికి ప్యాకెట్ మీద మూడు రోజులు మిగిలి ఉన్నా, కరిగించాక ఆ మూడు రోజులూ ఉన్నాయనుకోకుండా 24 గంటల్లో వాడేయండి, మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకండి.